శక్తి పిరమిడ్‌లో మిగతా తొంభై ఎక్కడికి పోతాయి?

సైన్స్ ఎగ్జిబిషన్‌కి పిల్లలు తెచ్చే చార్టుల్లో ఒకటి దాదాపు ప్రతి ఏడాదీ కనిపిస్తుంది. నాలుగు మెట్ల పిరమిడ్. అడుగున గడ్డి, 10,000 జౌళ్లు. దానిపైన జింక, 1,000. ఆపైన నక్క, 100. కొసన పులి, 10. కుడివైపు ప్రతి మెట్టు నుంచీ ఎర్ర స్కెచ్ పెన్నుతో వంకర టింకరగా ఒక బాణం బయటికి పోతుంది. దాని మీద ‘ఉష్ణం, 90%’ అని రాసి ఉంటుంది.

మార్కులు వేయడానికి ఆ బొమ్మ చాలు, నేనూ వేస్తాను. కానీ ఒకసారి ఒక అమ్మాయి ఆ బాణం మీద వేలు పెట్టి, "సార్, జింక తినకుండా వదిలేసిన గడ్డి కూడా వేడి అయిపోయిందా?" అని అడిగింది. అడవిలో గడ్డంతా జింక తినదు కదా. తిననిది అక్కడే నిలబడి ఉంటుంది, లేదంటే ఎండి రాలుతుంది. మరి అది ఏ బాణంలో ఉంది? ఆ చార్టులో దానికి చోటే లేదు. ఆ ఒక్క ఎర్ర బాణంలో నిజానికి మూడు వేర్వేరు నష్టాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీస్తే, కింది మెట్టు శక్తిలో పదో వంతే పై మెట్టుకి చేరుతుందనే ‘పది శాతం నియమం’ ఏమిటో, ఏది కాదో తేలుతుంది.

విడదీయడానికి పులి దాకా పోనక్కర్లేదు, పెరట్లో కరివేపాకు మొక్క చాలు. వానలు పడ్డాక దాని లేత ఆకుల మీద చిన్న పిట్టరెట్టలాంటిది కనిపిస్తుంది. రెట్ట అనుకుని వదిలేస్తాం. అది సీతాకోకచిలుక పిల్లపురుగు. కొన్ని రోజులకు పచ్చగా, చిటికెన వేలంత అవుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములాంటిది బయటికి తీసి ఘాటు వాసన కొడుతుంది. దాని కింద ఒక తెల్లకాగితం పరిచి సాయంత్రం చూడండి. ఆవాల కంటే కాస్త పెద్ద సైజులో నల్లటి, ఆకుపచ్చటి గుళికలు పడి ఉంటాయి. అది దాని విసర్జన. పురుగు ఎంత ఉందో చూసి ఆ గుళికల కుప్ప చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

జీవశాస్త్ర పుస్తకాల్లో ఆకు తినే గొంగళిపురుగుకి తరచూ చూపించే లెక్క ఇలా ఉంటుంది. అది 200 జౌళ్ల ఆకు తింటే, 100 జౌళ్లు అరగకుండా ఆ గుళికల్లో బయటికి వచ్చేస్తాయి. ఒంట్లోకి చేరిన 100లో 67 దాకా శ్వాసక్రియలో ఖర్చవుతాయి. పాకడానికి, నమలడానికి, ఒంట్లో పనులు నడవడానికి పోయే ఖర్చు అది. మిగిలిన 33 జౌళ్లే పురుగు ఒళ్లుగా మారతాయి. దాన్ని తినే పిట్టకు దొరికేది ఆ 33 మాత్రమే.

ఇందులో అసలైన వేడి బాణం ఒక్కటే, ఆ 67. గుళికల్లో ఉన్న 100 జౌళ్లు వేడి కాలేదు. అవి ఇంకా ఆహారమే, కాకపోతే పిట్టకు కాదు. మట్టిలోని బూజుకి, బాక్టీరియాకి. ఇక ఆ 200 కూడా మొక్క తయారుచేసిన మొత్తం కాదు. కాండం, వేళ్లు, పురుగు ముట్టని ఆకులు అలాగే ఉన్నాయి. లెక్క కోసం మొక్క పెంచుకున్న ఒంట్లో 660 జౌళ్లు ఉన్నాయనుకుందాం. మెట్టు నుంచి మెట్టుకి చేరింది 660లో 33, అంటే 5 శాతం. అదే పురుగులు ఎక్కువై 400 జౌళ్ల ఆకు తినేస్తే చేరేది 66, అంటే 10 శాతం. పురుగు అరుగుదల మారలేదు, దాని ఒంటి ఖర్చు మారలేదు. మొక్కలో ఎంత భాగం తిన్నాయన్నది ఒక్కటే మారింది, శాతం రెట్టింపైంది.

అంటే పది శాతం అనేది ఒక సంఖ్య కాదు, మూడు భిన్నాల గుణకారం. ఉన్నదాంట్లో ఎంత తిన్నారు, తిన్నదాంట్లో ఎంత అరిగింది, అరిగినదాంట్లో ఎంత ఒళ్లుగా మారింది. ఈ మూడింటిలో ఏది మారినా జవాబు మారుతుంది.

ఇప్పుడు చార్టులోని జింక దగ్గరికి వెళ్దాం. జింక వెచ్చటి రక్తం ఉన్న జంతువు. చలైనా ఎండైనా ఒంటి వేడిని ఒకే స్థాయిలో ఉంచుకోవాలి. అడవిలో ఉండే క్షీరదాలు, పక్షులు అరిగించుకున్న శక్తిలో సాధారణంగా 1 నుంచి 3 శాతం మాత్రమే కొత్త ఒళ్లుగా మారుస్తాయి. చేపల్లో ఇది దాదాపు 10 శాతం. కీటకాల్లో 40 దాకా వెళ్తుంది. గడ్డిలో అయిదో వంతు జింకలు తిన్నాయని, తిన్నదాంట్లో సగం అరిగిందని, అందులో 2 శాతం ఒళ్లయిందని వేసుకుంటే ఎంత వస్తుంది? 10,000లో 2,000 తిన్నవి, 1,000 అరిగినవి, 20 ఒళ్లయినవి. చార్టులో జింక మెట్టు మీద రాసిన 1,000కి ఇది యాభయ్యో వంతు. తిన్న వంతు, అరిగిన వంతు నేను ఊహించి వేసుకున్నవే, కానీ వాటిని కాస్త అటూ ఇటూ జరిపినా వెయ్యి దరిదాపుల్లోకి రాదు. గడ్డి, జింక, పులి బొమ్మ గీసి పది శాతం వేయడం మనకు అలవాటైపోయింది గానీ, పది శాతానికి అస్సలు సరిపోని ఉదాహరణ అదే.

మరి ఆ పది ఎక్కడి నుంచి వచ్చింది? నీళ్లలోంచి. రేమండ్ లిండెమాన్ అనే అమెరికన్ యువకుడు మిన్నెసోటాలోని సీడార్ బాగ్ అనే చిన్న సరస్సును కొన్నేళ్లపాటు కొలిచాడు. నాచు ఎంత, దాన్ని తినేవి ఎంత, వాటిని తినేవి ఎంత అని అన్నిటినీ శక్తి లెక్కలోకి మార్చాడు. ఆ వ్యాసం 1942లో అచ్చయ్యేసరికి ఆయన లేడు, 26 ఏళ్లకే చనిపోయాడు. ఆయన లెక్కలో శాకాహారుల మెట్టు సామర్థ్యం 13.3 శాతం, వాటిని తినేవాటిది 22.3. పోలిక కోసం ఆయన తీసుకున్న మెండోటా సరస్సులో శాకాహారుల నుంచి పైకి వరుసగా 8.7, 5.5, 13. వీటిలో ఎక్కడా పది లేదు. పదికి అటూ ఇటూగా ఉన్నాయి, అంతే. చదువు చెప్పే సౌకర్యం కోసం తర్వాత అది గుండ్రంగా పది అయి కూర్చుంది. మన పదో తరగతి పుస్తకం కూడా దాన్ని సగటు విలువగానే చెబుతుంది. పరీక్షలో మాత్రం ఆ ‘సగటు’ అనే మాట జారిపోయి నియమంగా మిగులుతుంది.

ఇంకాస్త వివరంగా కొలిచిన చోటు ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్. భూమిలోంచి ఉబికి వచ్చే ఊట, అద్దంలాంటి నీళ్లు, ఏడాది పొడవునా దాదాపు 23 డిగ్రీలే. అడుగున అద్దం అమర్చిన పడవల్లో పర్యాటకులు చేపల్ని చూస్తూ తిరుగుతారు. 1950లలో హోవర్డ్ ఒడమ్ అనే జీవావరణ శాస్త్రవేత్త అక్కడ పనిచేసి 1957లో లెక్క అచ్చువేశాడు. పద్ధతి తెలివైనది. ఊట ఒకవైపుకే పారుతుంది కాబట్టి పైన ఒకచోట, కింద ఒకచోట నీళ్లలో ఆక్సిజన్ కొలిస్తే, మధ్యలో పగలు మొక్కలు ఎంత వదిలాయో, రాత్రి అందరూ కలిసి ఎంత పీల్చుకున్నారో తెలుస్తుంది. ఆక్సిజన్ తెలిస్తే శక్తి లెక్క కట్టొచ్చు.

కింది అంకెలన్నీ ఒక చదరపు మీటరుకి, ఒక ఏడాదికి, కిలోకేలరీల్లో. నీటిమొక్కలు, వాటి ఆకుల్ని పట్టుకున్న నాచు కలిపి తయారుచేసింది 20,810. అందులో 11,977 వాటి శ్వాసక్రియకే పోయింది. ఇక్కడ చాలామంది ఆగరు. మొక్కలు కూడా ఊపిరి తీస్తాయి, తాము చేసుకున్నదాంట్లో సగానికి పైగా తామే ఖర్చు పెట్టుకున్నాయి. మిగిలింది 8,833. పై మెట్టు వాళ్లకు అందుబాటులో ఉన్నది అదే. నత్తలు, పురుగులు, తాబేళ్లు, మొక్కలు తినే చేపలు అన్నీ కలిపి అందులోంచి ఒంట్లోకి తెచ్చుకున్నది 3,368. వాటి శ్వాసకి 1,890 పోగా పెరిగిన ఒళ్లు 1,478. వాటిని తినే చేపలకు చేరింది 383, శ్వాస పోగా 67. అందరికన్నా పైన ఉన్న బాస్, గార్ లాంటి పెద్ద చేపలకు చేరింది 21, చివరికి మిగిలింది 6.

ఇప్పుడు మెట్టుకి మెట్టుకి శాతం కట్టండి. ఒంట్లోకి చేరిన మొత్తాలను పోలిస్తే, అంటే 20,810లో 3,368, అందులో 383, అందులో 21 చూస్తే, 16, 11, 5.5 శాతాలు వస్తాయి. పెరిగిన ఒంటిని పెరిగిన ఒంటితో పోలిస్తే, అంటే 8,833, 1,478, 67, 6 తీసుకుంటే, 17, 4.5, 9 వస్తాయి. ఒకే ఊట, ఒకే ఏడాది, ఒకే కొలతలు, అయినా రెండు జవాబులు. రెండూ తప్పు కాదు. ఎక్కడైనా ఒక శాతం కనిపిస్తే ముందు అడగాల్సింది ‘దేంట్లో దేనికి?’ అని. పాఠశాల చార్టులో ఈ విషయం రాయరు కాబట్టి రెండు పుస్తకాల్లో రెండు అంకెలు చూసి పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది.

నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా నచ్చేది 5,060 అనే అంకె. అది విచ్ఛిన్నకారుల వంతు. తినకుండా మిగిలిన ఆకు, చచ్చిన నత్త, చేపల పెంట, అన్నీ వాటికే. శాకాహారులన్నిటికీ కలిపి చేరింది 3,368 అయితే, కంటికి కనిపించని ఈ బాక్టీరియాకి చేరింది 5,060. అందులో 4,600 శ్వాసలో ఖర్చయింది. పిరమిడ్ బొమ్మలో వీటికి మెట్టు లేదు. మొక్కనూ తింటాయి, పెద్ద చేపనూ తింటాయి, ఏ మెట్టు మీద కూర్చోబెడతాం? ఒడమ్ తన బొమ్మలో వీటిని పక్కగా నిలువుగా ఒక గడి గీసి పెట్టాడు. ఆ అమ్మాయి అడిగిన తినని గడ్డి కూడా చివరికి వెళ్లేది అక్కడికే.

ఇంకో సరదా అంకె ఉంది, 486. అది బయటి నుంచి వచ్చిన ఆహారం. పర్యాటకులు చేపలకు వేసిన రొట్టె కూడా అందులో ఉంది! దాన్నీ కలిపితే ఊటలోకి వచ్చింది 21,296. శ్వాసల్లో వేడిగా పోయింది 18,796. మిగిలిన 2,500 ఆకుముక్కలుగా, మడ్డిగా ప్రవాహంతో పాటు కిందికి కొట్టుకుపోయింది. కూడి చూడండి, సరిగ్గా సరిపోతుంది. ఒక్క కేలరీ కూడా ‘నాశనం’ కాలేదు. జవాబు పత్రాల్లో ‘శక్తి నశించును’ అని రాస్తే నేను గీత కొట్టేది అందుకే. మొత్తం ఊటను ఒక్కటిగా చూస్తే 88 శాతం వేడి అయిన మాట నిజమే. కానీ ఒక్కో మెట్టు దగ్గరే 90 వేడైపోలేదు. చాలా భాగం విచ్ఛిన్నకారుల చేతుల్లోంచి వెళ్లి, ఆలస్యంగా వేడైంది.

ఈ వేడిని మళ్లీ వాడుకోలేమా అంటే, మొక్కకు కావలసింది వెలుతురు. చేప ఒంటి వేడితో ఏ ఆకూ పిండి పదార్థం చేయలేదు. చార్టుల్లో తరచూ కనిపించే ఇంకో తప్పు ఇక్కడే ఉంది. విచ్ఛిన్నకారుల నుంచి మొక్కకి బాణం గీసి ‘శక్తి’ అని రాస్తారు. ఆ బాణం ఉండాలి, కానీ దాని మీద నత్రజని, భాస్వరం లాంటి పోషకాల పేర్లు ఉండాలి. గుళికల్లోని నత్రజని మళ్లీ కరివేపాకులోకి వస్తుంది. వాటిలోని శక్తి రాదు.

ఇక కోళ్లఫారం ప్రశ్న. పౌల్ట్రీ ఉన్న ఊళ్లో ఈ పాఠం చెబితే అది తప్పదు. "మా నాన్న 1.7 కిలోల మేత వేస్తే కిలో కోడి వస్తుంది సార్. 59 శాతం! మరి పది అంటారేంటి?" మంచి ప్రశ్న, ఎందుకంటే ఆ అంకె నిజమే. కానీ అది బరువుని బరువుతో పోల్చింది. మేత ఎండుది, కోడి ఒంట్లో మూడింట రెండొంతుల దాకా నీళ్లే. నీళ్లలో శక్తి లేదు. కిలో మేతలో సుమారు 4,000 కిలోకేలరీలు ఉంటాయి, కాబట్టి 1.7 కిలోల్లో 6,800. కిలో కోడిలో సుమారు 2,200 అనుకోవచ్చు. 59 కాస్తా 32 దగ్గరికి దిగింది.

అయినా మూడో వంతు తక్కువేం కాదు, జింకతో పోలిస్తే మహా ఎక్కువ. కారణాలు ఫారంలోనే ఉన్నాయి. మేత తొట్టిలో పోసి ఉంటుంది, వెతుక్కుంటూ తిరిగే పని లేదు. పిల్లకి చలి పెట్టకుండా బల్బుల వేడి మనమే ఇస్తాం. పైగా ఆరు వారాలకే, ఒళ్లు పెరిగే వయసులోనే అమ్మేస్తాం. అడవిలో ఎక్కువభాగం ఎదిగిపోయిన జంతువులే, అవి పెరగవు, బతకడానికే తింటాయి. ఇంకో కిటుకు కూడా ఉంది. మేతలో ఎక్కువ భాగం మొక్కజొన్న గింజ. గింజ అంటే పంటలో ఒక భాగం, నేలపైన ఉన్న చేను ఎండుబరువులో దాదాపు సగం. చొప్ప, ఆకు కోడి లెక్కలోకి రాలేదు. పిరమిడ్ అడుగు మెట్టులో అవి కూడా ఉండాలి. వాటిని కలిపితే 32 మళ్లీ సగమై 16 అవుతుంది, వేళ్లను కలపకుండానే. పదికి మరీ అంత దూరంలో లేదు.

బరువుతో ఇంకోరకం బోల్తా కూడా పడతాం. సముద్రంలో కొన్నిచోట్ల ఒకరోజు నీళ్లు తోడి తూస్తే, సూక్ష్మ నాచు కంటే దాన్ని తినే జీవుల బరువే ఎక్కువ వస్తుంది. పిరమిడ్ తలకిందులైనట్టు కనిపిస్తుంది. ఇది టిఫిన్ సెంటర్ లాంటిది. ఏ క్షణంలో చూసినా పళ్లెంలో ఉన్న ఇడ్లీలు ఇరవయ్యే, బెంచీల మీద ముప్పై మంది ఉంటారు. కానీ లోపల వాయి మీద వాయి దిగుతూనే ఉంటుంది. నాచు అంత వేగంగా పుడుతుంది. ఏడాది మొత్తానికి ఎంత ఉడికిందో లెక్క వేస్తే అడుగు మెట్టే పెద్దది. శక్తి పిరమిడ్ అంకె పక్కన ‘ఏడాదికి’ అనే మాట లేకపోతే అది శక్తి పిరమిడ్ కాదు.

చివరగా, ఆహార జాలకం బొమ్మ పక్కన పిరమిడ్ పెట్టినప్పుడు వచ్చే చిక్కు. గొలుసు అయితే ఒక్కో జీవికి ఒక్కో మెట్టు. జాలకంలో కాకిని ఎక్కడ పెట్టాలి? మధ్యాహ్న భోజనం దగ్గర రాలిన మెతుకులు తింటే అది రెండో మెట్టు. గోడ మీది పురుగుని తింటే మూడు, పురుగుని మింగిన బల్లిని తింటే నాలుగు. పిల్లలు దాన్ని అన్నిటికన్నా పై మెట్టున కూర్చోబెట్టి చేతులు దులుపుకుంటారు. సరైన దారి కాకిని విడగొట్టడం. దానికి వచ్చే శక్తిలో 70 వంతులు మెతుకులు, గింజల నుంచి, 30 వంతులు మొక్కలు తినే పురుగుల నుంచి అనుకుందాం. అప్పుడు 70 రెండో మెట్టులో, 30 మూడో మెట్టులో వేయాలి. దాని సగటు స్థానం 2.3. మనుషులకు కూడా దేశాలన్నిటి ఆహారం తీసుకుని ఇలాగే లెక్క కట్టారు. 2013లో అచ్చయిన ఆ లెక్కలో మన స్థానం 2.21, పందికీ ఆంకోవీ చేపకీ దగ్గరగా. పిరమిడ్ కొసన మనిషి బొమ్మ గీసుకొచ్చిన పిల్లలకు ఈ అంకె చెబితే క్లాసులో కాసేపు గోల.

ఆ అమ్మాయి తర్వాతి వారం చార్టు మళ్లీ గీసింది. ప్రతి మెట్టు పక్కనా మూడు బాణాలు పెట్టింది. ‘తిననిది’, ‘అరగనిది’ అన్న రెండూ నల్ల రంగులో, పక్కనున్న ఒక పొడవాటి గడిలోకి పోతాయి. ‘శ్వాస’ ఒక్కటే ఎర్రది. ఆ పొడవాటి గడి నుంచి కూడా ఒక లావుపాటి ఎర్ర బాణం బయటికి గీసింది. గడ్డి మెట్టు పక్కన మాత్రం ‘అరగనిది’ బాణం లేదు. మర్చిపోయావా అని అడిగాను. "గడ్డి ఎవర్నీ తినదు కదా సార్" అంది.